గ్రాస్ జీతం 18,000 అయితే యజమానికి నిజంగా పడేది ఎంత? పీఎఫ్, ఈఎస్ఐ, సీటీసీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప వైపు షోరూములకు, పాలిషింగ్ యూనిట్లకు, చిన్న ఫ్యాక్టరీలకు జీతాల లెక్కలు చూస్తుంటాను. కొత్తగా మనిషిని పెట్టుకునే ప్రతి ఓనరూ ఇంచుమించు ఇవే ప్రశ్నలు అడుగుతాడు, అందుకే జవాబులన్నీ ఒకచోట రాస్తున్నాను. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మనిషి లెక్కే పట్టుకుందాం. కర్నూలులో 24 మంది పనిచేసే ఒక ట్రాక్టర్ షోరూమ్ అనుకోండి. అందులో ఒక మెకానిక్‌కు నెలకు గ్రాస్ 18,000 రూపాయలు. అందులో బేసిక్, డీఏ కలిపి 13,500, ఇంటద్దె అలవెన్స్ (హెచ్ఆర్ఏ) 3,000, స్పెషల్ అలవెన్స్ 1,500.

సుత్తి వద్దు, ముందు అంకె చెప్పండి. 18,000 మనిషికి నా జేబులోంచి ఎంత పోతుంది?

నెలకు 20,535 రూపాయలు. సీటీసీ అంటే మనిషి మీద మీకయ్యే ఈ మొత్తం ఖర్చే. ఇందులో 18,000 జీతం. మిగతా 2,535లో పీఎఫ్‌కు మీ వాటా 1,800, బీమాకు 75, పీఎఫ్ ఆఫీసు నిర్వహణ ఖర్చుకు 75, ఈఎస్ఐకి 585. ఏడాదికి 2,46,420 అవుతుంది. గ్రాట్యుటీ, బోనస్ ఇందులో లేవు, అవి నెలనెలా కట్టేవి కావు కాబట్టి వాటి సంగతి కింద వేరుగా చెప్పాను.

మరి వాడేమో నాకు పదహారు వేలు కూడా రావట్లేదంటాడు. ఎవరి లెక్క తప్పు?

ఇద్దరిదీ కరెక్టే. మీరు చూసేది పై నుంచి, అతను చూసేది కింద నుంచి. గ్రాస్ 18,000 లోంచి అతని పీఎఫ్ వాటా 1,800, ఈఎస్ఐ వాటా 135 (0.75 శాతం), వృత్తిపన్ను 150 తీసేస్తే బ్యాంకులో పడేది 15,915. మీకు అయ్యేది 20,535. మధ్యలో ఉన్న 4,620లో వృత్తిపన్ను, నిర్వహణ ఖర్చు పోతే మిగతాదంతా అతని పేరు మీదో, అతని వైద్యానికో, బీమాకో పోతోంది.

చేరే రోజునే ఈ మూడు అంకెలూ ఒక కాగితం మీద రాసి అతని చేతికివ్వండి. "సార్, పద్దెనిమిది అన్నారు కదా, పదహారు కూడా పడలేదేంది?" అనే గొడవ మొదటి జీతం రోజునే వస్తుంది, ఆ రోజు ఎంత వివరించినా మాట మార్చినట్టే ఉంటుంది.

అసలు మా షాపుకు ఇవన్నీ వర్తిస్తాయా? మేం చిన్నోళ్లం.

పీఎఫ్‌కు 20 మంది, ఈఎస్ఐకి 10 మంది. ఆ సంఖ్యకు చేరితే రిజిస్టర్ చేసుకోవాల్సిందే. ఇక్కడ చాలామంది లెక్క తప్పేది మనుషుల్ని లెక్కపెట్టే దగ్గరే. ఊడ్చే ఆమె, రాత్రి వాచ్‌మన్, కాంట్రాక్టరు పంపిన ఇద్దరు హమాలీలు, వీళ్లంతా లెక్కలోకి వస్తారు. జీతాల రిజిస్టర్‌లో 17 మందే ఉన్నారని చూపిస్తే సరిపోదు, ఆవరణలో పనిచేసేవాళ్లు ఎంతమందో చూస్తారు. ఒకసారి పరిధిలోకి వచ్చాక తర్వాత మనుషులు తగ్గి 15కి వచ్చినా పీఎఫ్ కట్టడం ఆపకూడదు. మన మూడు ఊళ్లకూ పీఎఫ్ ప్రాంతీయ కార్యాలయం కడపలో ఉంది, కానీ పని దాదాపు అంతా పోర్టల్లోనే అయిపోతుంది.

పీఎఫ్ 13,500 మీద కట్టాలా, 15,000 మీదా, 18,000 మీదా?

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

పాత అలవాటు ప్రకారం బేసిక్, డీఏ మీద మాత్రమే కట్టేవాళ్లు. అందుకే బేసిక్ తక్కువ పెట్టి, మిగతాదంతా "స్పెషల్ అలవెన్స్" అనో "ఇతర అలవెన్స్" అనో పేరు పెట్టి చూపించడం మామూలైపోయింది. 2019 ఫిబ్రవరి 28న సుప్రీంకోర్టు వివేకానంద విద్యామందిర్ కేసులో దీనికి అడ్డుకట్ట వేసింది. ఆ అలవెన్స్ అందరికీ ఒకే తీరుగా ఇస్తున్నారా, అదనంగా పని చేసినందుకు ఇస్తున్నారా అన్నది చూస్తారు. అందరికీ ఇస్తుంటే, పనితో సంబంధం లేకుండా ఇస్తుంటే, పేరేదైనా అది బేసిక్‌తో సమానమే, పీఎఫ్ కట్టాల్సిందే. మన మెకానిక్‌కు ఇచ్చే 1,500 స్పెషల్ అలవెన్స్ షోరూమ్‌లో అందరికీ ఉంది. కాబట్టి అది కలుస్తుంది. 13,500కి 1,500 కలిపితే 15,000. హెచ్ఆర్ఏ 3,000 మాత్రం కలవదు, దాన్ని చట్టమే పక్కన పెట్టింది.

అయితే మొత్తం హెచ్ఆర్ఏగా చూపిస్తే సరి కదా అంటారు మీరు. ఆ దారి కూడా మూసేశారు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో వేతనానికి ఒకే నిర్వచనం పెట్టారు. హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ లాంటివి వేతనంలోంచి మినహాయింపే, కానీ ఆ మినహాయింపులన్నీ కలిపి మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరకు తిరిగి వేతనంలో కలిపేస్తారు. మన మెకానిక్‌కు సగం అంటే 9,000, మినహాయింపు 3,000 మాత్రమే, కాబట్టి ఇబ్బంది లేదు. అదే ఎవరైనా బేసిక్ 7,000, హెచ్ఆర్ఏ 8,000, కన్వేయన్స్ 3,000 అని రాస్తే మినహాయింపులు 11,000 అవుతాయి. సగానికి మించిన 2,000 వెనక్కి వచ్చి వేతనం 9,000గా లెక్కేస్తారు. పైగా బేసిక్ 7,000 పెట్టారంటే కనీస వేతనం దగ్గరే దొరికిపోతారు, పీఎఫ్ దాకా వెళ్లక్కర్లేదు.

18,000 మీద కట్టాల్సిన అవసరం లేదు. పీఎఫ్‌కు పరిమితి 15,000, అది 2014 సెప్టెంబర్ 1 నుంచి ఉన్నదే.

ఎగ్గొడితే నాకు మిగిలేదెంత?

1,500 అలవెన్స్ కలపకుండా 13,500 మీద కడితే నెలకు మీకు తగ్గేది 195 రూపాయలు. అంతే. దాని కోసం తనిఖీ వచ్చినప్పుడు ఏళ్ల బకాయి మొత్తం ఒకేసారి కట్టాలి, వడ్డీ, జరిమానా కలిపి. పాత ఉద్యోగి వెళ్లిపోయి ఉంటే అతని వాటా కూడా మీ నెత్తినే పడుతుంది, ఎందుకంటే దాన్ని ఇప్పుడు ఎవరి జీతంలోంచి కోస్తారు? ఇది లాభసాటి బేరం అని నాకైతే ఏ రోజూ అనిపించలేదు.

యజమాని వాటా 12 శాతమే కదా, మీరు 1,950 వేశారు. అది 13 శాతం అవుతుంది.

అవును, 13 శాతమే. వాటా 12 శాతం, దానికి తోడు వేతనం మీద అర శాతం బీమా, అర శాతం నిర్వహణ ఖర్చు. చలాన్‌లో ఇవి వేరువేరు ఖాతాల్లో కనిపిస్తాయి.

మీ 1,800 రెండు ముక్కలవుతుంది. 15,000లో 8.33 శాతం, అంటే 1,249.50ని రౌండ్ చేసి 1,250, పెన్షన్‌కు పదో నంబరు ఖాతాలోకి వెళ్తుంది. మిగిలిన 550 అతని పీఎఫ్‌లోకి, ఒకటో నంబరు ఖాతాలోకి. అతని సొంత 1,800 కూడా ఒకటో ఖాతాలోకే, మొత్తంగా. అందుకే పాస్‌బుక్ తెరిచినవాళ్లు "నాది 1,800 పడింది, సారుది 550 మాత్రమే పడింది, మిగతాది నొక్కేశారా?" అని అడుగుతుంటారు. నొక్కేయలేదు, పాస్‌బుక్‌లోనే పెన్షన్ కాలమ్‌లో ఆ 1,250 ఉంటుంది, చూపించండి.

75 రూపాయల బీమా 21వ ఖాతా. చిన్న మొత్తమని దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగంలో ఉండగా మనిషి చనిపోతే ఇంటివాళ్లకు ఈ పథకం కింద గరిష్ఠంగా 7 లక్షల వరకు వస్తుంది. ఇందులో ఉద్యోగి వాటా ఏమీ లేదు, పూర్తిగా మీరు కట్టేదే.

రెండో నంబరు ఖాతా నిర్వహణ ఖర్చు. మనిషికి 75 అని వేశాను కానీ దీనికి ఒక మెలిక ఉంది. సంస్థ మొత్తానికి నెలకు కనీసం 500 కట్టాలి. అర శాతం 500 కావాలంటే పీఎఫ్ వేతనాలు మొత్తం లక్ష ఉండాలి. 24 మంది ఉన్న షోరూమ్‌కు ఈ బాధ లేదు. ఎవరైనా ఐదుగురితో స్వచ్ఛందంగా పీఎఫ్ తీసుకుంటే, ఒక్కొక్కరిది 15,000 అనుకున్నా, అర శాతం 375 వస్తుంది, కట్టాల్సింది మాత్రం 500. అప్పుడు మనిషికి 75 కాదు, 100 పడుతుంది. ఒకే మనిషి ఖర్చు వేసేటప్పుడు సంస్థ సైజు ఎందుకు అడుగుతానంటే ఇందుకే.

ఈఎస్ఐ దేని మీద? 15,000 మీదనా, 18,000 మీదనా?

యజమాని వాటా 3.25 శాతం, ఉద్యోగిది 0.75 శాతం. ఈ రేట్లు 2019 జూలై 1 నుంచి ఉన్నాయి. 1948 నాటి చట్టం కింద హెచ్ఆర్ఏ కూడా ఈఎస్ఐ వేతనమే, అందుకే అందరూ గ్రాస్ మీదే వేసేవాళ్లు, నేనూ 18,000 మీదే 585 వేశాను. కొత్త కోడ్ నిర్వచనంలో హెచ్ఆర్ఏ మినహాయింపుల్లోకి వెళ్తుంది కాబట్టి 15,000 మీద లెక్కేస్తే 487.50, రౌండ్ చేస్తే 488 వస్తుంది. తేడా 97 రూపాయలు. బడ్జెట్ వేసుకునేటప్పుడు 585 పెట్టుకోమంటాను. ఎక్కువ పెట్టుకుంటే మిగులుతుంది, తక్కువ పెట్టుకుంటే అప్పు పుట్టించాలి.

ఈఎస్ఐలో రౌండింగ్ ఎప్పుడూ పైకే. పైసలు వస్తే తర్వాతి రూపాయికి వెళ్లాలి. పీఎఫ్‌లో దగ్గరి రూపాయికి. ఈ రెంటికీ ఒకే ఫార్ములా పెట్టి నెలనెలా రూపాయి తేడాతో చలాన్ కలవక తలపట్టుకునేవాళ్లు ఎక్కువ.

జూన్‌లో జీతం పెంచి 21,500 చేశాను. ఈఎస్ఐ ఆపేయొచ్చా?

వెంటనే ఆపకూడదు. ఈఎస్ఐ పరిమితి 21,000, అది దాటినా ఆ కంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యేదాకా కట్టాలి. పీరియడ్లు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. జూన్‌లో పెంచితే సెప్టెంబర్ జీతం దాకా మొత్తం 21,500 మీద కట్టాలి, 21,000 మీద కాదు. మీ వాటా 698.75, పైకి రౌండ్ చేస్తే 699. అతనిది 162.

ఇప్పుడు ఖర్చు చూడండి. పీఎఫ్ పరిమితి 15,000 దగ్గరే ఆపి కడుతున్నారు కాబట్టి అక్కడ 1,950 మారదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నెలకు 21,500కి 1,950, 699 కలిపి 24,149. అక్టోబర్ నుంచి 23,450. అంటే మనిషి అదే, జీతం అదే, కానీ అక్టోబర్‌లో ఖర్చు దానంతటదే 699 తగ్గుతుంది. దీన్ని చూసి సెప్టెంబర్‌లో జీతం 20,900 నుంచి 21,100 చేసేవాళ్లు ఉన్నారు, అక్టోబర్ నుంచి కట్టక్కర్లేదు కదా అని. ఓనరుకు లాభమే. ఉద్యోగికి మాత్రం 200 పెరిగి కుటుంబం మొత్తానికి ఉన్న వైద్యం పోతుంది. ఇంట్లో డయాలసిస్ చేయించుకునే తల్లి ఉన్న మనిషికి ఆ 200 పెంపు శాపం. ముందు అతన్ని అడగండి.

ఆపిన మరుసటి రోజే కార్డు పనిచేయకుండా పోదు. ఏప్రిల్-సెప్టెంబర్‌లో కట్టినదానికి ఫలితం వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ దాకా ఉంటుంది, పని రోజులు సరిపడా ఉంటే. ఈ మాట ఉద్యోగికి చెప్పకపోతే డిస్పెన్సరీకి వెళ్లడమే మానేస్తాడు.

నెలలో నాలుగు రోజులు రాలేదు. అప్పుడు లెక్క ఎలా?

జీతం కోసినప్పుడు అన్నీ అదే నిష్పత్తిలో తగ్గాలి. 30 రోజుల నెల, నాలుగు రోజులు జీతం లేని సెలవు. గ్రాస్ 15,600 అవుతుంది. పీఎఫ్ వేతనం 15,000లో 26 రోజులకు 13,000. మీ 12 శాతం 1,560, అందులో పెన్షన్‌కు 1,083, పీఎఫ్‌కు 477. బీమా 65, నిర్వహణ 65. ఈఎస్ఐ 15,600 మీద 507. మొత్తం మీ వాటాలు 2,197, ఆ నెల మనిషి ఖర్చు 17,797.

ఇక్కడ తప్పు రెండు రకాలుగా జరుగుతుంది. జీతం కోసి పీఎఫ్ మాత్రం పాత 15,000 మీదే కట్టేయడం ఒకటి, మీ డబ్బు అనవసరంగా పోతుంది. రెండోది, జీతం కోసి, వేతనం తగ్గించి, రిటర్న్‌లో రాని రోజులు సున్నా అని వదిలేయడం. పోర్టల్‌కు అది పూర్తి నెలే, మరి వేతనం ఎందుకు తగ్గిందో రికార్డులో కారణం ఉండదు. జీతాల రిజిస్టర్‌లో నాలుగు రోజులు, రిటర్న్‌లో సున్నా ఉంటే తనిఖీకి వచ్చినాయన మొదట వేలు పెట్టేది అక్కడే.

రిటర్న్ ఫైల్‌లో మన మెకానిక్ వరుస ఎలా ఉండాలి?

పూర్తి నెలకు ఇలా ఉంటుంది, యూఏఎన్ అనే పీఎఫ్ సభ్యత్వ నంబరు, పేరు చోట మీ మనిషివి పెట్టుకోండి:

```
100000000000#~#MEMBER NAME#~#18000#~#15000#~#15000#~#15000#~#1800#~#1250#~#550#~#0#~#0
```

వరుసగా గ్రాస్, పీఎఫ్ వేతనం, పెన్షన్ వేతనం, బీమా వేతనం, ఉద్యోగి వాటా, పెన్షన్, తేడా, రాని రోజులు, వెనక్కి కట్టిన అడ్వాన్సు. చివరి నుంచి రెండో సున్నా దగ్గరే పై కేసులో 4 రావాలి. రెండో 15000 చోట పొరపాటున సున్నా పడితే పెన్షన్‌కు ఏమీ వెళ్లదు, 1,800 మొత్తం పీఎఫ్‌లోకి పోతుంది. మీ ఖర్చు అంతే ఉంటుంది కాబట్టి మీకు తెలియదు, అతనికి పదేళ్ల తర్వాత పెన్షన్ ఫారం పెట్టినప్పుడు తెలుస్తుంది. చలాన్ కట్టే ముందు పదో ఖాతా మొత్తాన్ని మనుషుల సంఖ్యతో ఒకసారి సరిచూసుకోండి. అందరూ పరిమితి దగ్గరే ఉంటే మనిషికి 1,250 చొప్పున రావాలి, తక్కువ వస్తే ఎవరిదో జారిపోయింది.

మా సూపర్‌వైజర్ బేసిక్ 22,000. ఆయనకు మొత్తం మీద కట్టాలా?

అప్పటికే పీఎఫ్ సభ్యుడైతే 15,000 మీద కడితే చట్టానికి చాలు, మీకు 1,950 పడుతుంది. ఇద్దరూ ఒప్పుకుని మొత్తం 22,000 మీద కట్టాలనుకుంటే మీ వాటా 2,640. పెన్షన్‌కు మాత్రం 1,250 దాటి వెళ్లదు, మిగతా 1,390 పీఎఫ్‌లోకే. బీమా 75 దగ్గర ఆగిపోతుంది, కానీ నిర్వహణ ఖర్చు ఆగదు, 22,000 మీద అర శాతం, 110. మొత్తం 2,825. ఈఎస్ఐ లేదు.

ఇంతకుముందు ఎక్కడా పీఎఫ్ లేని మనిషి, చేరినప్పుడే పీఎఫ్ వేతనం 15,000 దాటితే, అతన్ని సభ్యుడిగా చేర్చడం తప్పనిసరి కాదు. మన మెకానిక్‌ది సరిగ్గా 15,000, అది దాటినట్టు కాదు, కాబట్టి చేర్చాల్సిందే. కొత్తవాళ్లను పెట్టుకునేటప్పుడు "నీకు యూఏఎన్ ఉందా?" అని అడగడం ఎందుకు ముఖ్యమో ఇప్పుడు అర్థమైంది కదా. బెంగళూరులో ఆరు నెలలు ఏదో కంపెనీలో చేసి వచ్చిన కుర్రాళ్లకు మన వైపు చాలామందికి యూఏఎన్ ఉంటుంది, వాళ్లకే గుర్తుండదు.

నా దగ్గర ఉన్నదే 18,000. అంతా కలిపి అందులోనే సర్దాలంటే గ్రాస్ ఎంత పెట్టాలి?

మన మెకానిక్ లాంటి విభజనే (గ్రాస్‌లో ఆరింట ఐదు వంతులు పీఎఫ్ వేతనం) ఉంచితే, గ్రాస్ 15,778. పీఎఫ్ వేతనం 13,148, దాని మీద 13 శాతం 1,709, ఈఎస్ఐ 513, మొత్తం 18,000కి సరిగ్గా వస్తుంది. దీన్ని తిప్పి లెక్కేయడం సులువే, ఈ నిష్పత్తిలో మొత్తం ఖర్చును 1.1408తో భాగిస్తే గ్రాస్ వస్తుంది. పరిమితి దాటిన జీతాలకు ఈ భాగహారం పనికిరాదు.

కానీ ఇక్కడ చిక్కుంది. ఇలా తగ్గిస్తే బేసిక్, డీఏ 11,833కి వచ్చేస్తుంది. మీ పనికి, మీ జోన్‌కు రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనం, డీఏతో కలిపి, అంతకంటే ఎక్కువ ఉంటే ఈ లెక్క మొదట్లోనే చెల్లదు. డీఏ ఏడాదికి రెండుసార్లు మారుతుంటుంది కాబట్టి నిరుటి కాగితం చూసి పెట్టకండి.

ఇంకోటి. మాట్లాడుకునేటప్పుడు "పద్దెనిమిది వేలు జీతం" అని చెప్పి, చేరాక మీ 12 శాతాన్ని కూడా అందులోంచే కోయడం కుదరదు. యజమాని వాటాను ఉద్యోగి జీతంలోంచి తీయకూడదని పీఎఫ్ చట్టంలోనే ఉంది. సీటీసీ 18,000, గ్రాస్ 15,778 అని ముందే ఆఫర్ లెటర్‌లో విడివిడిగా రాస్తే అది ఒప్పందం. గ్రాస్ 18,000 అని ఒప్పుకుని తర్వాత కోస్తే అది ఉల్లంఘన. రెండిట్లోనూ మీకు పోయే డబ్బు అంతే అనిపించొచ్చు, కాదు.

గ్రాట్యుటీ, బోనస్ సీటీసీలో వేయాలా?

పెద్ద కంపెనీలు వేస్తాయి, చిన్న ఓనర్లు మర్చిపోతారు. నా సలహా, ఆఫర్ లెటర్‌లో చూపించినా చూపించకపోయినా మీ సొంత బడ్జెట్‌లో వేసుకోండి.

గ్రాట్యుటీ ఒక ఏడాది సర్వీసుకు 15 రోజుల వేతనం, నెలకు 26 రోజులుగా లెక్క. 15,000 వేతనానికి ఏడాదికి 8,654, నెలకు 721 పక్కన పెట్టాలి. మామూలు ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే ఇవ్వాలి, కొత్త కోడ్‌లో కాలపరిమితి కాంట్రాక్టు మీద పెట్టుకున్నవాళ్లకు ఒక్క ఏడాదికే హక్కు వస్తుంది. "ఏడాది అగ్రిమెంట్ రాయించుకుంటే గ్రాట్యుటీ ఉండదు" అనే పాత సలహా ఇక చెల్లదు.

బోనస్ కనీసం 8.33 శాతం. బేసిక్, డీఏ 13,500 మొత్తం మీద వేసుకుంటే నెలకు 1,125. నిజానికి లెక్కకు 7,000 లేదా మీ పనికున్న కనీస వేతనం, రెండిట్లో ఏది ఎక్కువైతే అదే హద్దు, కాబట్టి కనీస వేతనం 13,500 కంటే తక్కువ ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఈ రెండూ కలిపితే మన మెకానిక్ ఖర్చు నెలకు 22,381, ఏడాదికి 2,68,572. నన్ను అడిగితే ఓనరు గుర్తుపెట్టుకోవాల్సిన అంకె ఇదే, 20,535 కాదు.

వృత్తిపన్ను నా ఖర్చా?

కాదు. ఏపీలో 15,000 దాకా లేదు, 15,001 నుంచి 20,000 దాకా 150, ఆ పైన 200. ఉద్యోగి జీతంలోంచి కోసి కడతారు. సీటీసీకి కలపకండి.

ఎక్సెల్‌లో ఎలా పెట్టుకోవాలి?

B1లో గ్రాస్, B2లో బేసిక్-డీఏ, B3లో హెచ్ఆర్ఏ, B4లో స్పెషల్ అలవెన్స్ వేసుకోండి. తర్వాత B5 నుంచి B11 దాకా:

```
=MIN(15000,B2+B4)
=ROUND(B5*12%,0)
=ROUND(B5*8.33%,0)
=B6-B7
=B5*1%
=IF(B1<=21000,ROUNDUP(B1*3.25%,0),0)
=B1+B6+B9+B10
```

18,000 వేస్తే చివర 20,535 రావాలి. రాకపోతే ఎక్కువసార్లు తప్పు B11లోనే ఉంటుంది, B7, B8 రెండూ మళ్లీ కలిపేస్తారు. అవి B6 లోపలి ముక్కలే. ఈఎస్ఐ వరుస పీరియడ్ మధ్యలో 21,000 దాటినవాళ్లకు సున్నా చూపిస్తుంది, ఆ నెలల్లో చేత్తో వేసుకోవాలి. హెచ్ఆర్ఏ, కన్వేయన్స్ కలిపి సగం దాటిందేమో కూడా ఈ షీటు చూడదు, మీరే చూడాలి.

ఆలస్యంగా కడితే ఏమవుతుంది?

పీఎఫ్‌కైనా ఈఎస్ఐకైనా గడువు తర్వాతి నెల 15. పీఎఫ్‌లో మన మెకానిక్ ఒక్కడికి ఇద్దరి వాటాలు, ఖర్చులు కలిపి నెల చలాన్ 3,750. మూడు నెలలు ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం చొప్పున వడ్డీ 112.50, నెలకు ఒక శాతం చొప్పున నష్టపరిహారం ఇంకో 112.50. ఒక్కడికి చూస్తే చిన్నదే, 24 మందికి 5,400. ఇది సీటీసీలో ఎక్కడా కనిపించదు, నేరుగా లాభంలోంచి పోతుంది. ఉద్యోగి జీతంలోంచి కోసి కట్టకుండా ఉంచుకోవడం ఇంకా పెద్ద తప్పు, అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసుగా మారొచ్చు. డబ్బు చాలకపోతే నెల చివర్లో ట్రాక్టర్ కంపెనీకి కట్టాల్సింది రెండు రోజులు ఆపండి, 15వ తేదీ చలాన్‌ను మాత్రం ఆపకండి.